కొత్త బఫర్, పాత సీసా

ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో రంగుతో కొలిచే పరీక్ష, అంటే ఎంజైమ్ అస్సే, పూర్తిగా చచ్చిపోతే సమస్య చిన్నదే. రంగు రాదు, ఎంజైమ్ పోయిందో, అది పనిచేయాల్సిన పదార్థం సబ్‌స్ట్రేట్ పోయిందో ఒక పూటలో తేలిపోతుంది. సగం బతికి, రంగు రీడింగ్ ఒకరోజు 0.7, ఇంకోరోజు 0.4 చూపించే అస్సేతోనే తంటా. చేసేవాళ్లు ముందు తమ చేతిని అనుమానిస్తారు, ఆ తర్వాత పైపెట్‌ని, ఆ తర్వాత ఎంజైమ్ అమ్మినవాణ్ని. పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం, సీసాలో ఉన్న బఫర్, ఆ వరసలో ఎక్కడో చివర ఉంటుంది, ఎందుకంటే అది నీళ్లలా కనిపిస్తుంది.

అలాంటి ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా విప్పి చూద్దాం. ఇందులోని విద్యార్థిని, ల్యాబ్ కల్పితం. కెమిస్ట్రీ, లెక్కలు మాత్రం నిజమైనవే.

బెంగళూరులో ఒక బయోకెమిస్ట్రీ ల్యాబ్. కర్నూలు నుంచి వచ్చిన మొదటి ఏడాది పీహెచ్‌డీ అమ్మాయి. నేరేడు గింజల సారం ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుందా లేదా అన్నది తన పని. ఎంజైమ్ దూడ పేగుల నుంచి తీసింది, కంపెనీ నుంచి కొన్నదే. పద్ధతి కూడా పాతదే. పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ అనే రంగులేని సబ్‌స్ట్రేట్ ఇస్తే ఎంజైమ్ దాని ఫాస్ఫేట్‌ని తెంచేస్తుంది, మిగిలిన నైట్రోఫినాల్ క్షార ద్రావణంలో పసుపు పచ్చగా కనిపిస్తుంది. ఆ పసుపుని 405 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఎంత పసుపు ఉంటే ఎంజైమ్ అంత పనిచేసినట్టు.

బఫర్ ఇలా ఉంటుంది: 100 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 9.5, 100 మిల్లీమోలార్ ఉప్పు, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్. ఎంజైమ్‌ని ఈ బఫర్‌లోనే సుమారు 0.1 నానోమోలార్‌కి పలచన చేసి 96 గుంటల ప్లేటులో పోస్తుంది. మొదటి రెండు నిలువు వరసలు సారం లేని కంట్రోల్, మిగతా వాటిలో పెరుగుతున్న మోతాదుల్లో సారం. తర్వాత ఒక్కో వరసకీ నిమిషం తేడాతో సబ్‌స్ట్రేట్ వేస్తుంది, అది తుదకు 5 మిల్లీమోలార్ అయ్యేలా. సరిగ్గా 10 నిమిషాలకు అదే క్రమంలో సోడియం హైడ్రాక్సైడ్ వేసి ఆపుతుంది. ప్రతి వరసకీ 10 నిమిషాలే. ఈ జాగ్రత్తే తర్వాత తనని బోల్తా కొట్టించింది, ఆ సంగతి చివర్లో.

తొలి రెండు వారాలు కంట్రోల్ 0.9 దగ్గర నిలకడగా వచ్చింది. తర్వాత పడిపోవడం మొదలైంది. 0.7, 0.5, ఒకరోజు మళ్లీ 0.75, మర్నాడు 0.4. అదే వారంలో కొత్త లాట్ ఎంజైమ్ వచ్చింది కాబట్టి నేరం దాని మీదకి పోయింది. ఇంకో వయల్ తెప్పించింది, మారలేదు. సబ్‌స్ట్రేట్ మాత్ర కొత్తది కరిగించింది, మారలేదు. పైపెట్‌ని కాలిబ్రేషన్‌కి పంపింది, ప్లేట్ల బ్రాండ్ మార్చింది. బఫర్ మీదా అనుమానం వచ్చి నాలుగుసార్లు కొత్తగా చేసింది. అయిదు వారాలు ఇలాగే గడిచాయి.

చిక్కు ముడి విప్పింది ఒక చిన్న ప్రశ్న. ఈ అమ్మాయి మాట విని పక్క బెంచీ మీద పనిచేసే సీనియర్ అడిగింది.

"బఫర్ కొత్తగానే చేశానక్కా, నాలుగుసార్లు."

"కొత్తగా అంటే? పొడి నుంచా, సీసా నుంచా?"

సీసా నుంచే. షెల్ఫ్ మీద ఉన్న 1 మోలార్ ట్రిస్ లీటరు సీసాలోంచి 10 మిల్లీలీటర్లు తీసి, ఉప్పు, మెగ్నీషియం స్టాకులు కలిపి, నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేసింది. నాలుగుసార్లూ అదే సీసా. నోట్‌బుక్‌లో మాత్రం నాలుగు తేదీలతో "ఫ్రెష్ బఫర్" అని రాసుంది. అంటే మార్చాననుకున్నది మారనే లేదు. ఎంజైమ్ మారింది, సబ్‌స్ట్రేట్ మారింది, ప్లేటు మారింది. విఫలమైన ప్రతి ప్రయోగంలోనూ ఉన్నది ఆ సీసా ఒక్కటే.

ఇలాంటి చోట వస్తువుల్ని ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం కన్నా ఒక కాగితం మీద గీత గీయడం మేలు. ఎడమవైపు బాగా వచ్చిన రోజులు, కుడివైపు చెడిన రోజులు. ప్రతి రోజుకీ కింద వాడిన ప్రతి స్టాక్ సీసా మీది తేదీ రాయాలి. పని బఫర్ తేదీ కాదు, దాని తల్లి సీసా తేదీ. తేడా ఎక్కడ మొదలైందో అక్కడ ఏ తేదీ మారిందో చూడాలి. తన విషయంలో రెండు మారాయి: ఎంజైమ్ లాటు, ట్రిస్ సీసా. కొత్త ఎంజైమ్ వచ్చిన రెండు రోజులకే పాత ట్రిస్ అయిపోయి కొత్త సీసా తెరిచారు. ఎంజైమ్ డబ్బు పెట్టి కొన్నది కాబట్టి గుర్తుంది, ట్రిస్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

మరి కంట్రోల్స్ ఏం చేస్తున్నట్టు? బ్లాంక్ రోజూ బాగానే వచ్చింది, 0.05 దాటలేదు. బఫర్ బాగుందనడానికి ఆమె అదే సాక్ష్యంగా చూపించింది కూడా. కానీ బ్లాంక్‌లో ఎంజైమ్ ఉండదు. బఫర్‌లో దానంతటది పసుపు పుట్టించేది ఏదైనా ఉంటే, ఉదాహరణకి బ్యాక్టీరియా పెరిగి వాటి ఫాస్ఫటేజ్ కలిసి ఉంటే, బ్లాంక్ పట్టిస్తుంది. ఎంజైమ్‌ని చంపేది ఉంటే బ్లాంక్‌కి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. చంపడానికి అందులో ఏముంది గనక? ఇక సారం లేని కంట్రోల్ కూడా అదే బఫర్‌లో ఉంది కాబట్టి దానితో పాటే కిందికి దిగింది. అది లోపాన్ని చూపిస్తూనే ఉంది, కాకపోతే దాన్ని 100 శాతం అనుకుని మిగతావన్నీ దానితో భాగిస్తుంటే ఆ దిగుడు లెక్కలో కనబడదు. శాతాలు వేసే ముందు కంట్రోల్ అసలు అంకెని రోజువారీగా ఒక గ్రాఫులో పెట్టుకుంటే మూడో రోజే తెలిసేది.

సీసా మీద అనుమానం పడ్డాక మొదటి పరీక్ష సులువు. పక్క ల్యాబ్ వాళ్ల ట్రిస్ కాకుండా, పొడి తూచి చేసిన ట్రిస్ కావాలి. పక్క ల్యాబ్ సీసా చరిత్ర మనకేం తెలుసు? లీటరు అక్కర్లేదు. 12.1 గ్రాముల ట్రిస్ పొడి, కొత్త ప్లాస్టిక్ గొట్టాల్లో, గాజు సామాను తగలకుండా, 100 మిల్లీలీటర్లు. పీహెచ్ సరిచేసేటప్పుడు కూడా ఎలక్ట్రోడ్‌ని సీసాలో ముంచకుండా, కొద్దిగా పక్కకి తీసి చూడటం మంచిది. ఎలక్ట్రోడ్ మీద అంతకు ముందు ఎవరి ఫాస్ఫేట్ బఫర్ ఉందో చెప్పలేం, ఫాస్ఫేట్ ఈ ఎంజైమ్‌కి శత్రువు.

ఆ ట్రిస్‌తో చేసిన బఫర్, సీసా ట్రిస్‌తో చేసిన బఫర్, రెండింటిలో ఎంజైమ్‌ని పలచన చేసి వెంటనే కొలిచింది. 0.90, 0.76. తేడా ఉంది, కానీ ఘోరమేమీ కాదు. ఇక్కడే చాలామంది "అబ్బే, బఫర్ కాదు" అని వదిలేస్తారు. సీనియర్ ఇంకో మాట చెప్పింది: ఎంజైమ్‌ని బఫర్‌లో ఊరనిచ్చి చూడు.

ఊరనిచ్చింది. గది వేడిమిలో 10 నిమిషాలు, 20, 40, 60. మంచి బఫర్‌లో గంట తర్వాత కూడా 0.87. సీసా బఫర్‌లో 0.76 కాస్తా 10 నిమిషాలకు 0.54, 20కి 0.38, 40కి 0.19, గంటకు 0.1 కన్నా తక్కువ. ప్రతి 20 నిమిషాలకూ సగం.

రోజుకో అంకె ఎందుకు వచ్చిందో ఈ ఒక్క గ్రాఫుతో అర్థమవుతుంది. ఎంజైమ్ పలచన చేశాక ఫోన్ వచ్చి ఆగితే 0.4, చకచకా చేసిన రోజు 0.75. ఆమె చెయ్యి రోజుకోలా లేదు, గడియారం రోజుకోలా ఉంది. అంతకన్నా ముఖ్యమైన ఆధారం కూడా ఇందులో ఉంది: నష్టం కాలంతో పెరుగుతోంది. సబ్‌స్ట్రేట్ చోటుని ఆక్రమించి అడ్డుకునే పదార్థమైతే ఎంజైమ్ తగిలిన క్షణంలోనే ఎంత అడ్డుకోవాలో అంత అడ్డుకుంటుంది, ఊరబెట్టినా మారదు. కాలంతో పెరిగిందంటే ఎంజైమ్ ఏదో కోల్పోతోంది, లేదా ఏదో దాన్ని కొరుక్కు తింటోంది.

దీనికి ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. సీసాలో ఉండకూడనిది ఏదో ఉందా, లేక ఉండాల్సింది లేదా? వంటలో ఉప్పెక్కువైందా తక్కువైందా అన్నంత తేడా ఇది. దీనికి ఖర్చులేని పరీక్ష, మంచి బఫర్‌నీ చెడ్డ బఫర్‌నీ సగం సగం కలపడం. చెడ్డదాంట్లో ఏదో లోపించి ఉంటే మంచి సగం నుంచి అది వచ్చి చేరుతుంది, అస్సే కోలుకుంటుంది. చెడ్డదాంట్లో విషం ఉంటే సగమైనా విషమే కాబట్టి అస్సే కోలుకోదు. 20 నిమిషాలు ఊరబెట్టి చూస్తే మంచిది 0.89, చెడ్డది 0.38, మిశ్రమం 0.42. విషమే. అది కూడా సగానికి తగ్గించినా చెక్కు చెదరనంత ఎక్కువగా ఉన్న విషం. మిశ్రమం సరిగ్గా రెండింటి మధ్యలో పడి ఉంటే విషం ఎంజైమ్‌ని అంతంతమాత్రంగా ముంచేంత మోతాదులో ఉందనుకోవాలి, అప్పుడు దారి ఇంకోలా ఉండేది.

ఇక అనుమానితులు ముగ్గురు. ఫాస్ఫేట్: ఇది ఈ చర్యలో పుట్టే పదార్థమే, సబ్‌స్ట్రేట్‌తో పోటీపడి ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. బ్యాక్టీరియా వదిలిన ప్రోటియేజ్: ఎంజైమ్‌ని ముక్కలు చేస్తుంది. ఈడీటీఏ: లోహాల్ని పట్టుకునే రసాయనం.

ఫాస్ఫేట్‌ని కాలంతో పెరిగే నష్టమే దాదాపు తప్పించేసింది. అయినా సబ్‌స్ట్రేట్‌ని 5 నుంచి 20 మిల్లీమోలార్‌కి పెంచి చూసింది. పోటీదారు అయితే సబ్‌స్ట్రేట్ దాన్ని తోసేసి అస్సే లేవాలి. లేవలేదు. ప్రోటియేజ్ కోసం సీసా బఫర్‌ని 10 నిమిషాలు మరిగించి, చల్లార్చి, పీహెచ్ మళ్లీ చూసి వాడింది. బెంగళూరు ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ప్రోటియేజ్‌లను పడగొట్టడానికి మామూలుగా అది చాలు. అంకె 0.38 దగ్గరే ఉండిపోయింది. సీసాలో మబ్బు లేదు, వాసన లేదు, ఊపితే తీగలా తిరిగేదేమీ లేదు. ఇక్కడ 0.22 మైక్రాన్ ఫిల్టర్ వేసి చూస్తే చాలదా అని అడగొచ్చు. ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుతుంది, అది ఇప్పటికే వదిలిన ప్రోటియేజ్‌ని ఆపదు. "ఆటోక్లేవ్ చేసిన ట్రిస్ కదా" అన్న ధీమా కూడా ఇలాంటిదే. ఆటోక్లేవ్ క్రిముల్ని చంపుతుంది, ఈడీటీఏకి అది వేడినీళ్ల స్నానమే.

మిగిలింది ఈడీటీఏ. ఈ ఎంజైమ్‌కి అది ఎందుకు గిట్టదో కాస్త ఆగి చూడాలి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండు సగాల ఎంజైమ్. ఒక్కో సగంలో పని జరిగే చోట రెండు జింక్ అయాన్లు, ఒక మెగ్నీషియం అయాన్ కూర్చుని ఉంటాయి. జింక్ లేకపోతే పనే లేదు. ఆసుపత్రి ల్యాబుల వాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతి: ఊదా మూత రక్తపు ట్యూబులో ఉండేది ఈడీటీఏ పొటాషియం లవణమే. సిరంజిలోని రక్తాన్ని ముందు ఆ ట్యూబులో పోసి, మిగిలింది సీరమ్ ట్యూబులోకి మార్చితే రిపోర్టులో పొటాషియం అకారణంగా పెరిగి, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ పడిపోయి కనిపిస్తాయి. ఆ మూడూ కలిసి వస్తే రోగి కన్నా ముందు ట్యూబుని అనుమానిస్తారు.

ఇక్కడ తెలిసినవాళ్లు కూడా తడబడే ప్రశ్న ఒకటుంది. బఫర్‌లో 5 మిల్లీమోలార్ మెగ్నీషియం ఉంది కదా, ఈడీటీఏ ఉన్నా దాన్ని పట్టుకుని ఊరుకుంటుంది కదా? పట్టుకుంటుంది, కానీ ఊరుకోదు. ఈడీటీఏకి మెగ్నీషియం మీదున్న పట్టు లాగరిథమ్ కొలమానంలో 8.7, జింక్ మీద 16.5. అంటే జింక్‌ని దాదాపు 6 కోట్ల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. చేతిలో మెగ్నీషియం ఉన్న ఈడీటీఏకి జింక్ కనబడితే మెగ్నీషియంని వదిలేసి జింక్‌ని పట్టుకుంటుంది. మెగ్నీషియం 50 రెట్లు ఎక్కువగా ఉన్నా సరే. అయితే ఎంజైమ్‌లో ఉన్న జింక్ బిగుతుగా కూర్చుని ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా ఊడదు, అప్పుడప్పుడూ వదులైనప్పుడు ఈడీటీఏ దాన్ని ఎగరేసుకుపోతుంది. నష్టం కాలంతో పెరగడానికి కారణం ఇదే.

కాబట్టి పరీక్ష కూడా ఇక్కడే దొరుకుతుంది. సీసా బఫర్‌లో మెగ్నీషియం 5 నుంచి 20 మిల్లీమోలార్‌కి పెంచితే పెద్దగా ప్రయోజనం ఉండకూడదు. జింక్ క్లోరైడ్ 0.12 మిల్లీమోలార్ కలిపితే ఎంజైమ్ బతకాలి. 20 నిమిషాలు ఊరబెట్టాక మెగ్నీషియం పెంచిన గొట్టం 0.40, జింక్ వేసిన గొట్టం 0.85.

ఈ పరీక్షలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, జింక్‌ని ఎంజైమ్ కన్నా ముందు వేయాలి. ముందే జింక్ ఊడిపోయిన ఎంజైమ్‌కి తర్వాత జింక్ ఇస్తే కొంత లేస్తుంది, కొంత లేవదు, ఫలితం మసకగా వచ్చి మళ్లీ అనుమానం మొదలవుతుంది. రెండోది, జింక్ మంచిది కదా అని దండిగా పోయకూడదు. ఎక్కువైతే మెగ్నీషియం కూర్చోవాల్సిన చోట జింక్ కూర్చుని ఎంజైమ్‌ని నెమ్మదింపజేస్తుంది, పైగా పీహెచ్ 9.5 దగ్గర తెల్లగా పొగలా విరిగి 405 దగ్గర దొంగ రీడింగ్ ఇస్తుంది. జింక్ స్టాక్‌ని ట్రిస్‌లో కాకుండా కొద్దిగా ఆమ్లం చేర్చిన నీళ్లలో చేసుకోవాలి. మంచి బఫర్‌లో కూడా అంతే జింక్ వేసిన గొట్టం ఒకటి పక్కన ఉండాలి. ఆమె దాంట్లో 0.80 వచ్చింది, కొంచెం తగ్గింది, అది ఎదురు చూడాల్సిందే.

జింక్ లేపిందంటే లోహాన్ని పట్టేది ఏదో ఉందని తేలింది, కానీ ఎంత ఉంది? దీనికి అయిదు లక్షల పరికరం అక్కర్లేదు. డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నీటి కాఠిన్యం కొలిచిన ప్రతివాళ్లకీ తెలిసిన టైట్రేషన్ చాలు. ట్యాంకర్ నీళ్లకి గీజర్ కాయిల్ మీద తెల్ల పెచ్చు కట్టే ఊళ్లో అది మరిచిపోవడం కూడా కష్టమే. అక్కడ తెలియని కాల్షియం, మెగ్నీషియంని తెలిసిన ఈడీటీఏతో కొలుస్తాం. ఇక్కడ దాన్ని తిరగేయాలి: తెలియని ఈడీటీఏని తెలిసిన మెగ్నీషియంతో కొలవాలి.

సీసాలోని 1 మోలార్ ట్రిస్ 50 మిల్లీలీటర్లు శంకు ఫ్లాస్కులో పోసి, పీహెచ్ 10 అమోనియా బఫర్ 10 మిల్లీలీటర్లు, మెగ్నీషియం విడిగా మిగిలితే నీలం నుంచి ఎర్రబడే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చిటికెడు వేసింది. నీలం. బ్యూరెట్‌లోంచి 0.01 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ చుక్క చుక్కగా వదిలింది. 1 మిల్లీలీటరు, నీలమే. 3, నీలమే. 5 దాటాక ఊదా రంగు తిరగడం మొదలై 5.1 దగ్గర ద్రాక్షరంగుకి వచ్చి నిలిచింది. పొడి నుంచి చేసిన ట్రిస్‌తో అదే చేస్తే రెండో చుక్కకే ఎర్రబడింది. రెండు ఫ్లాస్కులూ పక్కపక్కన పెడితే చెప్పాల్సిందేమీ లేదు.

5.1 మిల్లీలీటర్ల 0.01 మోలార్ అంటే 0.051 మిల్లీమోల్. అది 50 మిల్లీలీటర్లలో ఉంది కాబట్టి సీసాలో ఈడీటీఏ దాదాపు 1 మిల్లీమోలార్. లీటరు సీసాకి 1 మిల్లీమోల్. ల్యాబుల్లో ఈడీటీఏ స్టాక్ మామూలుగా 0.5 మోలార్ ఉంటుంది, కాబట్టి సీసాలోకి చేరింది ఆ స్టాక్ 2 మిల్లీలీటర్లు.

రెండు మిల్లీలీటర్లు ఎవరూ పోసి ఉండరు. కానీ 500 మిల్లీలీటర్ల కొలజాడీలో ఈడీటీఏ కొలిచి, వంపేసి, నిలబెడితే గోడల మీద నుంచి దిగి అడుగున చేరేది సుమారు అంతే ఉంటుంది. స్టాక్ పుస్తకం చూస్తే ఆ రోజు మధ్యాహ్నం ప్రాజెక్టుకి వచ్చిన ఒక కుర్రాడు ముందు ఈడీటీఏ, వెంటనే ట్రిస్ చేసినట్టు రాసుంది. అడిగితే దాచలేదు: "జాడీ ఒకసారి కడిగినట్టే గుర్తక్కా. కడిగానో, వంపేశానో…"

కడగలేదని టైట్రేషనే చెబుతోంది. ఒకసారి కడిగి ఉంటే ఎలా ఉండేదో లెక్క వేయడం ఆసక్తిగా ఉంటుంది. అడుగున 2 మిల్లీలీటర్లు మిగిలే జాడీలో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి తిప్పి వంపేస్తే, మిగిలే 2 మిల్లీలీటర్లలో ఈడీటీఏ 26 వంతుల్లో ఒక వంతు. అప్పుడు సీసాలో సుమారు 40 మైక్రోమోలార్, అస్సేలో 4 మైక్రోమోలార్ ఉండేది. తక్కువే అనిపిస్తుంది. కానీ అస్సేలో ఎంజైమ్ 0.1 నానోమోలార్, ఒక్కో అణువుకి నాలుగు జింక్‌లు, మొత్తం 0.4 నానోమోలార్ జింక్. ఒకసారి కడిగిన జాడీ నుంచి వచ్చే ఈడీటీఏ కూడా దానికి పదివేల రెట్లు. మూడుసార్లు కడిగితే అస్సేలో మిగిలేది దాదాపు 6 నానోమోలార్. ఉప్పుల్లో ఉండే లోహపు మలినాలు సాధారణంగా ఆ మాత్రాన్ని కట్టేస్తాయి. నాలుగోసారి కడిగితే అనుమానమే ఉండదు. ఈడీటీఏకి విడిగా ఒక జాడీ, దాని మీద చెరగని ఇంకుతో పేరు ఉంటే ఈ లెక్కంతా అక్కర్లేదు. 200 రూపాయల ప్లాస్టిక్ జాడీ చాలు.

అదే సీసా ట్రిస్‌ని అయిదు వారాలుగా ల్యాబ్‌లో మరో నలుగురు వాడుతున్నారు, ఎవరూ కిమ్మనలేదు. డీఎన్ఏ జెల్స్ నడిపేవాళ్ల బఫర్‌లో ఈడీటీఏ ఎలాగూ ఉంటుంది, కొద్దిగా పెరిగితే తెలియదు. ప్రోటీన్ జెల్స్ వాళ్లకి దానితో నిమిత్తం లేదు. ప్రోటీన్ శుద్ధి చేసే అబ్బాయికైతే లోహం కావాల్సిన ప్రోటియేజ్‌లు పనిచేయక లాభమే జరిగి ఉండొచ్చు. "మాకందరికీ బాగానే వస్తోంది కదా" అన్న మాటకి ఇలాంటి చోట బరువు తక్కువ. బాగా రావడానికి వాళ్లకి జింక్ అవసరమా కాదా అని అడగాలి.

ఆ తర్వాత ల్యాబ్‌లో మారినవి పెద్దవేమీ కావు. ట్రిస్‌ని లీటరు సీసాలో కాకుండా 50 మిల్లీలీటర్ల గొట్టాల్లో పంచి పెడుతున్నారు. అయిపోవచ్చిన పాత స్టాక్ చివరి 20 మిల్లీలీటర్లు పారబోయకుండా, కొత్త స్టాక్‌తో పక్కపక్కన ఒక ఊరబెట్టే పరీక్ష అయ్యే దాకా ఉంచుతున్నారు. సున్నా నిమిషం, 40 నిమిషాలు, రెండే రీడింగులు. మిగిలిన పాతదాంట్లో కొత్తది కలిపి సీసా నింపే అలవాటు మానేశారు, లేకపోతే తేదీల పట్టిక ఎప్పటికీ అబద్ధమే చెబుతుంది. నోట్‌బుక్‌లో "ఫ్రెష్" అన్న మాట బదులు తల్లి సీసా తేదీ రాస్తున్నారు.

ఇక ఆ అయిదు వారాల డేటా. కంట్రోల్ పడిపోయినా శాతాలు వేస్తే పనికొస్తాయి కదా, కంట్రోల్, సారం రెండూ ఒకే బఫర్‌లో ఉన్నాయి కదా అని ఆమె గైడ్‌కి ఒక గ్రాఫ్ చూపించి ఉంది. అందులో నేరేడు గింజ సారం మోతాదు పెరిగేకొద్దీ ఎంజైమ్ తగ్గుతూ, అత్యధిక మోతాదు దగ్గర 30 శాతం పైగా అడ్డుకున్నట్టు చక్కని వాలు వచ్చింది. గైడ్ సంతోషించారు కూడా.

ఇప్పుడు ప్లేటుని మళ్లీ చూడాలి. కంట్రోల్ మొదటి వరసల్లో, అత్యధిక మోతాదు పన్నెండో వరసలో. ఒక్కో వరసకీ నిమిషం తేడా. పన్నెండో వరసకి సబ్‌స్ట్రేట్ పడేసరికి ఎంజైమ్ మొదటి వరస కన్నా 11 నిమిషాలు ఎక్కువగా ఈడీటీఏలో ఊరింది. 20 నిమిషాలకు సగం చొప్పున 11 నిమిషాలకు మిగిలేది 68 శాతం. అంటే సారం ఏమీ చేయకపోయినా, అక్కడ ఉత్త నీళ్లు పోసినా, 32 శాతం అడ్డుకున్నట్టే కనిపిస్తుంది. మోతాదుతో పాటు వరస సంఖ్య పెరుగుతోంది కాబట్టి వాలు కూడా దానంతటదే వస్తుంది.

పొడి నుంచి చేసిన ట్రిస్‌తో, మోతాదుల్ని ప్లేటు మీద చెల్లాచెదురుగా వేసి, కంట్రోల్‌ని మొదటి వరసలోనూ చివరి వరసలోనూ పెట్టి మళ్లీ చేసింది. రెండు కంట్రోల్స్ 0.90, 0.89. అత్యధిక మోతాదు సారం 0.86. గింజల సారంలో టానిన్లు 405 దగ్గర కొద్దిగా కాంతిని మింగుతాయి కాబట్టి ఎంజైమ్ లేని సారం గుంటల రీడింగ్ తీసేస్తే 0.83. అంటే అడ్డుకున్నది సుమారు ఏడు శాతం. మూడుసార్లు తిప్పి చేస్తే ఆ ఏడైనా నిలుస్తుందో లేదో చూడటానికి వచ్చే వారం ప్లేట్లు గీసి పెట్టుకుంది.